బోర్డు మీది బాబు చొక్కా

బయట బోర్డు మీద బాబు వేసుకున్న చొక్కాయే కావాలా? ఉందమ్మా, లేకేం, ఆ రంగులో మూడు సైజులున్నాయి. ఇస్తాను. ముందు ఆ స్టూలు ఇటు లాక్కుని కూర్చో. ఎనిమిదో నెలా? నీ నడకే చెబుతోందిలే. అలా చూడకు, ఇరవై రెండేళ్లుగా ప్రసూతి ఆసుపత్రికి ఎదురుగా పసిపిల్లల బట్టలు కుట్టి అమ్ముతున్నాను. నీలాంటి వాళ్లని రోజుకి పదిమందిని చూస్తాను.

గులాబీ, నీలం వద్దని నువ్వే అన్నావు కాబట్టి నీకు ఓపిగ్గా చెబుతున్నా. ఆడపిల్లయితే గులాబీ, మగపిల్లాడయితే నీలం, ఆ రెండూ తప్ప లోకంలో రంగే లేనట్టు మాట్లాడే వాళ్లతో నా నోరు అరిగిపోయింది. అప్పుడే పుట్టిన పిల్లల ఒళ్లు చూశావా ఎప్పుడైనా? అందరూ పనసతొన అంటారు కానీ, మొదటి రోజుల్లో కందిపోయినట్టు ఎర్రగా, అక్కడక్కడా పొట్టు లేస్తూ ఉంటుంది. దాని పక్కన గులాబీ పెడితే ఎరుపు ఇంకా ఎగదోసుకొస్తుంది. ముదురు నీలం పెడితే మొహం కమిలినట్టుంటుంది. చూడటానికొచ్చిన చుట్టాలు ఊరుకుంటారా? "అయ్యో, ఇలా ఉన్నాడేమిటి" అని అక్కడే మొదలెడతారు. పచ్చి బాలింత చెవిన పడేట్టుగా అంటారు కూడాను.

ఇదిగో, ఇది పట్టుకుని చూడు. తవుడు రంగు. ఏ ఒంటికైనా ఒదుగుతుంది. ఇది ఎండుటాకు పచ్చ, కాస్త బూడిద కలిపించాను. చిలకపచ్చయితే పిల్లాడి ఎర్రదనం రెట్టింపు చేస్తుంది, ఇది సర్దుతుంది. ఇది ఇటుక రంగు. బొడ్డు ఊడేటప్పుడు ఒకటి రెండు చుక్కలు నెత్తురంటుతుంది చూడు, దీని మీద అయితే కనపడదు. మరీ ముదురు రంగు జోలికి పోకు. పాలు కక్కితే తెల్ల చారికలు కడతాయి. మరీ లేతదీ వద్దు. మధ్యరకం రంగు, దాని మీద సన్నటి చుక్కలు. మరకకి దాక్కోవడానికి చోటివ్వాలి, అంతే కిటుకు.

ఇక నువ్వడిగిన ఆవపిండి రంగు. చంటిపిల్లలు తల్లిపాలు తాగినన్నాళ్లు దొడ్డికి పోతే ఏ రంగులో ఉంటుందో, సరిగ్గా అదే రంగు ఇది. నవ్వుతావేం? నువ్వూ చూస్తావు కదా, ఇంకో నెల ఆగు. ఎంత కారినా తెలియదు. ఈ రంగు ఈ వీధిలో మొదట అద్దింది నేనే. వెనక పంచలో ఉన్న తొట్టిలో, నా చేతుల్తో.

కానీ మొదటి రెండు వారాలకి నీకిది అమ్మను. పిల్లాడు పసుపు తేలే రోజులు దాటాక, మూడో వారం నుంచి వేసుకో. ఎందుకో చెప్పాలి. ఈ రంగు అడిగిన ప్రతి ఒక్కరికీ చెప్పాలి, అది ఈ షాపులో రూలు. పెట్టింది నేను కాదు. అదిగో, ఆ మిషన్ దగ్గర తల వంచుకుని కుడుతోందే, నా కోడలు, ఆవిడగారు పెట్టింది. నేను చెప్పకుండా బట్ట చేతికిచ్చానంటే ఆ మిషన్ చప్పుడు ఆగుతుంది. ఆగిందంటే నా ప్రాణం పోతుంది.

మూడున్నరేళ్లయింది. ఎదురుగా ఉన్న ఆ ఆసుపత్రిలోనే నా కోడలికి మగపిల్లాడు పుట్టాడు. నాకు మనవడు! ఆ రోజు నేను నేల మీద నడవలేదనుకో. అప్పటికే ఫోటోగ్రాఫర్‌తో మాట్లాడి ఉంచాను. పిల్లాడికి ఆరో రోజున ఫోటో తియ్యాలి, ఆవపిండి రంగు చొక్కాలో తియ్యాలి, దాన్ని పెద్ద బోర్డు చేసి షాపు మీద ఎక్కించాలి. ఆసుపత్రి గేటులోంచి బయటికొచ్చే ప్రతి తల్లికీ మొదట కనపడేది నా మనవడి మొహమే అవ్వాలి. సొంత మనవడు ఉండగా బయటి పిల్లాడి ఫోటో ఎవడిక్కావాలి?

మూడో రోజు ఇంటికి పంపేటప్పుడు పెద్ద నర్సమ్మ వచ్చింది. ఇరవై ఏళ్లుగా నా షాపు ముందు నుంచే డ్యూటీకెళ్తుంది, ఒక్క జేబురుమాలు కూడా కొన్న పాపాన పోలేదు. నా చేతిలోని చొక్కా చూసి, "అమ్మా, ఈ పసుపుపచ్చవి ఇప్పుడే వద్దు. పిల్లాడి ఒళ్లు పసుపు తేలుతోందో లేదో తెలియాలి. పగటి వెలుతురులో, తెల్లబట్ట మీద పడుకోబెట్టి చూడండి. ఐదో రోజు తప్పకుండా తీసుకురండి" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. రంగుల గురించి నాకు చెబుతుందా? తాతకు దగ్గులు నేర్పినట్టు! ఇది పసుపుపచ్చ కాదమ్మా, ఆవపిండి రంగు, తేడా తెలియకపోతే కళ్లజోడు మార్చుకో అన్నాను. వార్డులో నలుగురూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కార్డు మీద ఐదో రోజు తారీఖు వేసి, దాని కింద రెండు గీతలు గీసి, నా కోడలి చేతిలో పెట్టింది.

మా ఇల్లు ఈ షాపు వెనకే. రెండు గదులు, అద్దకం తొట్టి ఉన్న పంచ. పగలు కూడా లైటు వేసుకోవాలి. నాకు తెల్ల లైటు పడదు, అన్నీ పసుపుపచ్చ బల్బులే. బట్ట నిండుగా కనిపిస్తుందని షాపులోనూ అవే పెట్టించాను. నా కొడుకు అప్పుడు ఊళ్లో లేడు, సరుకేసుకుని తిరుగుతున్నాడు. ఇంట్లో నేనూ, ఈ కోడలూ, బుడ్డోడూ.

నాలుగో రోజు పొద్దున్న ఇది నా దగ్గరికొచ్చింది. "అత్తయ్యా, బాబు కళ్లు పచ్చగా ఉన్నట్టున్నాయి."

"చొక్కా నీడ పడుతోంది" అన్నాను.

"చొక్కా తీసి చూశానత్తయ్యా. ముక్కు మీద వేలితో నొక్కి తీస్తే, నొక్కిన చోట కూడా పచ్చగానే..."

"నీకు మీగడ రంగుకీ వెన్న రంగుకీ తేడా తెలుసా? పెళ్లయి వచ్చిన కొత్తలో బూడిద రంగు తాను అడిగితే ఊదారంగు తెచ్చిన మొహం నీది. పిల్లాణ్ణి కనగానే కళ్లొచ్చాయా?" అన్నాను. అన్నాను మరి, దాచుకోను. నా నోరు అంతే, ముందు అది పరిగెడుతుంది, వెనక నేను పోతాను. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగితే నాకు ఇంకా మంట. ఏడుపుగొట్టు మనుషులంటే నాకు గిట్టదు.

ఇది ఊరుకుందా? ఊరుకోలేదు. పెళ్లికి తెచ్చుకున్న పెట్టెలోంచి తెల్లటి పాత నూలు చీర తీసి, చింపి, చేత్తో ఆరు చొక్కాలు కుట్టింది. పచ్చి బాలింత, కుట్లు కూడా మానలేదు, గోడకి ఒరిగి కూర్చుని కుట్టింది. మధ్యాహ్నానికి పిల్లాడికి తెల్ల చొక్కా వేసి, వాకిట్లో వెలుతురుకి పట్టుకుని నిలబడింది. వీధిలో పోయేవాళ్లంతా చూస్తారని కూడా లేదు. నా షాపు వెనక నా మనవడు, తెల్ల పాతగుడ్డలో!

అంతే తల్లీ. ఆ తర్వాత ఐదో రోజు ఆసుపత్రికి తీసుకెళ్లడం కుదరలేదు. ఆరో రోజు ఫోటో తీశారు. ఆ పూటే పిల్లాడికి బాగా ఎక్కువైంది. పసుపు కామెర్లు నెత్తికెక్కితే చెవులు పోతాయట, పోయాయి. ఈ రంగు బట్ట పక్కనుంటే ఒంటి పసుపు కంటికి ఆనదు, మనం బట్ట నీడే అనుకుంటాం. అదీ కారణం. అందుకే మొదటి రెండు వారాలు వద్దంటున్నాను. నీకు తవుడు రంగు కట్టనా?

"అత్తయ్యా. ఐదో రోజు దాటేశారు."

విన్నావుగా. ఎప్పుడూ ఇంతే. గొంతు పెంచదు, విసుక్కోదు. "మీరు చెప్పింది కాదు, జరిగింది చెప్పండి" అన్నట్టు కూర్చుంటుంది. ఇదివరకు నా అరుపులు వీధి చివరికి వినిపించేవి, దీని మాట నాకే వినపడేది కాదు. ఇప్పుడు ఇది ఒక్క మాటంటుంది, నేను నోరు మూసుకుంటాను. ఓడలు బళ్లవుతాయంటే ఏమిటో అనుకున్నాను.

సరే, చెబుతాను.

నాలుగో రోజు సాయంత్రం ఇది నిద్రపోయింది. కొత్త తల్లి కదా, పడుకుంటే ఒళ్లెరగని నిద్ర. నేను ఆ ఆరు తెల్ల చొక్కాలూ, పిల్లాడి కింద వేసిన తెల్ల దుప్పటీ, తెల్ల తువ్వాళ్లూ అన్నీ తీసుకెళ్లి తొట్టిలో పడేశాను. ఆవపిండి రంగు కలిపే ఉంది. ఫోటోకి ఇంట్లో ఏ మూల చూసినా ఆ రంగే ఉండాలి అనుకున్నాను. కాదు, అది కూడా అబద్ధమే. దీని పొగరు అణచాలనుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే తీగ మీద అన్నీ ఒకే రంగులో ఆరుతున్నాయి. ఇది తీగ దగ్గరికెళ్లింది. ఒక్కొక్కటీ తిప్పి చూసింది, ఒక్కటైనా తెల్లగా మిగిలిందేమో అని.

ఐదో రోజు ఇది కార్డు అడిగింది. షాపు డ్రాయర్లో పెట్టి తాళం వేశాను. "రేపు ఫోటో అయ్యాక నేనే తీసుకెళ్తాను. ఇవాళ వెళ్తే ఏదో ఒకటి చెప్పి ఉంచేసుకుంటారు, ఫోటో పోతుంది. అయినా ఈ వీధిలో పసిపిల్లల ఒంటి రంగు నాకంటే తెలిసినవాళ్లెవరు?" అన్నాను. రోడ్డు దాటితే ఆసుపత్రి. నలభై అడుగులు. కార్డు లేకుండా కూడా చూసేవాళ్లే. కానీ ఇది నా మాట నమ్మింది. నన్ను అసహ్యించుకుంటూనే నా కన్నుని నమ్మింది. వీధంతా నమ్మేది మరి.

"ఆ సాయంత్రం సంగతి, అత్తయ్యా."

చెబుతున్నానుగా! ఊపిరైనా తీసుకోనీ.

ఐదో రోజు సాయంత్రం, ఇంకా ఎండ ఉంది. పిల్లాడికి నీళ్లు పోద్దామని పంచలోకి తీసుకెళ్లాను. తువ్వాలు కోసం చేయి చాపితే చేతికి తెల్లది తగిలింది. నేను తలకి చుట్టుకునే తువ్వాలు, తొట్టిలో పడకుండా అదొక్కటే మిగిలింది. దాని మీద పడుకోబెట్టాను. పంచలోకి ఎండ ఏటవాలుగా పడుతోంది.

చూశాను తల్లీ. నీ తోడు, చూశాను. అరిపాదాల దాకా పసుపు. రెండు మీగడ రంగుల మధ్య తేడా చీకట్లో చెప్పే కన్ను నాది, నాకు తెలియకపోవడమా? మొహం, ఛాతీ, పొట్ట, తొడలు, పాదాలు. వేలితో నొక్కాను కూడా. వాడు పాలు తాగక అప్పటికి ఐదారు గంటలయింది. నొక్కితే ఏడవలేదు, కళ్లు తెరవలేదు. ఆ నర్సమ్మ రెండు గీతలు గీసింది దేనికో అప్పుడు నాకు అర్థమయింది.

వెళ్తే ఆవిడ ముందు నిలబడాలి. నలుగురిలో కళ్లజోడు మార్చుకోమన్నానే, ఆవిడ ముందు. కోడలి ముందు "నువ్వే నిజం" అనాలి. ఫోటోవాడు పొద్దున్నే వస్తాడు, ఒక్క రాత్రి, ఒక్క రాత్రిలో ఏమవుతుంది అనుకున్నాను. ఆవపిండి రంగు చొక్కా తీసి తొడిగాను. తొడగ్గానే పసుపు పోయింది. అంత బాగా పోయింది. ఆ చొక్కాలో వాడు బంగారంలా ఉన్నాడు. నేను నిమ్మకు నీరెత్తినట్టు లోపలికి తెచ్చి దీని పక్కలో పడుకోబెట్టాను. "ఏమీ లేదు, వెలుతురులో చూశాను" అన్నాను. ఇది "అమ్మయ్య" అంది. మొదటిసారి నా చెయ్యి పట్టుకుంది.

ఆ చెయ్యి పట్టుకోవడం నేను మర్చిపోలేను. తిట్టినా బాగుండేది.

పొద్దున్న ఫోటోవాడొచ్చాడు. బుట్టలో పడుకోబెట్టి ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, చేతులు గడ్డం కింద పెట్టాడు. బుడ్డోడు కదల్లేదు. "ఎంత బుద్ధిమంతుడండీ, ఇలాంటి పిల్లాణ్ణి నేను చూడలేదు, ఎలా పెడితే అలా ఉన్నాడు" అన్నాడు. నేను మురిసిపోయినట్టు నవ్వాను. తర్వాత వాడి కెమెరాలో చూసుకుని, "ఒళ్లు కాస్త పచ్చగా వస్తోందండీ, కంప్యూటర్లో సరిచేసెయ్యనా?" అన్నాడు. చేసెయ్ అన్నాను. బోర్డు మీద నువ్వు చూసిన ఆ రోజా రేకులాంటి బుగ్గలు, అవి వాడివి కావు. ఫోటోవాడు వేసినవి.

వాడు సామాను సర్దుకుని ఇలా వెళ్లాడో లేదో, బుడ్డోడు వెనక్కి విల్లులా వంగి ఒక కేక పెట్టాడు. పసిపిల్లల ఏడుపులు కొన్ని వేలు విన్నాను, అలాంటిది వినలేదు. ఇది పరిగెత్తుకొచ్చి చొక్కా లాగి అవతల పారేసింది. చుట్టడానికి తెల్లగుడ్డ కోసం ఇల్లంతా చూసింది. లేదుగా! అలాగే దిసమొలతో ఎత్తుకుని, చెప్పుల్లేకుండా, రోడ్డుకి అడ్డం పడి పరిగెత్తింది. బళ్లు హారన్లు కొట్టాయి. నేను ఈ గడప దగ్గర నిలబడి చూశాను.

ఆ పెద్ద నర్సమ్మే వాణ్ణి అందుకుందట. కిటికీ దగ్గర తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి, ఒక్క క్షణం చూసి, నెత్తురు పరీక్షకి కేకేసిందట. ఆ సాయంత్రమే వాడి ఒంట్లో నెత్తురు తీసి వేరే నెత్తురు ఎక్కించారు. తర్వాత నీలం లైటు కింద పడుకోబెట్టారు. ఒంటి మీద నూలుపోగు లేదు, కళ్లకి గంతలు, మొలకో చిన్న గుడ్డ. నీలం రంగంటే నేనెంత ఎగతాళి చేసేదాన్నో! చివరికి వాణ్ణి బతికించింది నీలమే. ఒక రోజు ముందు తీసుకొచ్చి ఉంటే ఆ లైటు ఒక్కటే సరిపోయేదని డాక్టరు చెప్పాడు. నాతో కాదు, దీనితో చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను తెల్ల తానులు నాలుగు కొని పట్టుకెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి వెనక్కొచ్చాను.

వాడు బతికాడు. చెవులు రాలేదు. మెషిన్లు పెట్టారు, దగ్గరి చప్పుడు చేరుతుంది కానీ మాట చేరదట.

అసలు సంగతి ఇది చాలారోజులకి అడిగింది. "మీరు ఆ రోజు వెలుతురులో చూశానన్నారు. తెల్లవేవీ మిగల్లేదు. దేని మీద చూశారు?" అని. అంతే అడిగింది. నేను నా తలకి చుట్టుకున్న తువ్వాలు ముట్టుకున్నాను. ఇక చెప్పాల్సిన పనిలేకపోయింది.

పోతుందనుకున్నాను, మొగుణ్ణీ పిల్లాణ్ణీ తీసుకుని. పోలేదు. నేను బోర్డు దింపుతానంటే దింపనివ్వలేదు. "ఉండనీండి. అది చూసి వచ్చి అడుగుతారు. అడిగిన ప్రతి ఒక్కరికీ మీరు చెప్పండి. పుట్టబోయే పిల్లలకి పనికొస్తుంది" అంది. ఎండకి వెలిసిపోతే పోయినేడు మళ్లీ కొత్తగా వేయించింది కూడా. బుగ్గలు ఇంకా ఎర్రగా వచ్చాయి ఈసారి. నా కొడుకు ఆ బోర్డు కిందనుంచి తల వంచుకుని వస్తాడు, తల వంచుకుని పోతాడు. నాతో ఉప్పూ కారం గురించి తప్ప మాట్లాడడు.

ఇంకేముంది? ఇదీ నువ్వడిగిన బోర్డు మీది చొక్కా కథ. నీకు తవుడు రంగువి నాలుగు, ఎండుటాకువి రెండు కడుతున్నాను. రెండు తెల్లవి ఊరికే ఇస్తున్నాను, మరకలు పడితే పడనీ. ఐదో రోజు రమ్మంటే ఐదో రోజే వెళ్లు. నాలాంటిది ఎవరైనా ఇంట్లో ఉంటే, దాని మొహాన ఉమ్మేసి వెళ్లు.

అదిగో, ఆ గడప అవతల మట్టిలో కారు తోసుకుంటున్నాడే, వాడే. పిలవకు, వినపడదు. వాడెప్పుడూ అలా రోడ్డు వైపు జారిపోతూ ఉంటాడు, పిలవాలంటే ఇదొక్కటే పద్ధతి. తెలుపు ఊపాం, ఎరుపు ఊపాం, ఇటుక రంగు ఊపాం, పట్టించుకోడు. ఈ ఆవపిండి రంగు గుడ్డ ఊపితే మాత్రం ఎంత దూరంలో ఉన్నా చూస్తాడు. చూడు, ఊపుతున్నాను.

చూశావా, నవ్వుతూ ఎలా వస్తున్నాడో. వాడికి ఈ రంగంటే ప్రాణం.